వంతెనల కింద నుంచి కుప్పానికి

పద్దెనిమిదేళ్ళు లారీ తోలాను. మదనపల్లె టొమాటో వేసుకుని ఢిల్లీ చూశాను, నాగపూర్ చూశాను, కలకత్తా చూశాను. వాటి గురించి రాయమంటే నాలుగు ముక్కలు రాయలేను. నేను చూసిందంతా ముందు పోయే లారీ వెనక రాసిన అక్షరాలే. కానీ మదనపల్లె నుంచి పుంగనూరు, వెంకటగిరికోట మీదుగా కుప్పానికి పోయిన ప్రయాణం మాత్రం రాసి తీరాలి. మామూలుగా సగం పూట దారి. మాకు మూడు రోజులు పట్టింది. ఆ దారిలో మీరు చాలాసార్లు పోయుంటారు, కానీ నేను పోయినట్టు పోయుండరు.

మదనపల్లె: అంతా మొదలైన చోటు

ముందు నా రోగం చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఉత్తరాదిన ఒక పెద్ద నది వంతెన మీద పట్టపగలు పోతున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. ఊపిరి అందలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఒళ్ళంతా చెమట, చుట్టూ ఉన్న లోకం నిజం కాదన్నట్టు అనిపించింది. చచ్చిపోతున్నాననుకున్నాను. వంతెన దాటి ఆసుపత్రికి పోతే గుండె పరీక్ష చేసి, గుండె భేషుగ్గా ఉంది, గ్యాసు అన్నారు. గ్యాసు మాత్రలు మింగాను. తర్వాతి నెల ఇంకో వంతెన మీద మళ్ళీ అదే.

అప్పటి నుంచి వంతెన కనబడితే చాలు, ఒళ్ళు ముందే తయారైపోయేది. చిన్న వంతెనలైతే పక్కదారి పట్టేవాణ్ణి. కృష్ణ దాటకుండా ఢిల్లీ పోవడం ఎవరి తరం గనక? పెద్ద నది వస్తే గట్టున లారీ ఆపి, ధైర్యం కూడేదాకా టీలు తాగి, ముందు లారీ బంపరు మీదే చూపు పెట్టి, గొంతు చించుకుని చర్చి పాటలు పాడుతూ దాటేవాణ్ణి. నా పేరు దానియేలు. బైబిల్లో ఆయన సింహాల గుహలో కూడా కూల్‌గా ఉన్నాడు. నేను కల్వర్టు దగ్గర వణుకుతున్నాను.

ఈ సంగతి సుగుణకి చెప్పలేదు. సుగుణ నా భార్య, టొమాటో మండీలో కాయ గ్రేడింగ్ చేస్తుంది. పచ్చికాయ, దోరకాయ, పండుకాయ చేత్తో తాకి వేరు చేసే మనిషికి మొగుడు ఏ రకం కాయో తెలియకుండా నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. దానికి గొప్ప అబద్ధాలు అవసరం పడ్డాయి. ఆలస్యమెందుకయ్యిందంటే టైరు, చెక్‌పోస్టు, వాన అనేవాణ్ణి. ఒకసారి ఒంటెలు అడ్డమొచ్చాయన్నాను.

ఓనరుకి లారీ పోయిన దారి ఫోనులో గీతలా కనిపిస్తుంది. నా గీత చూసి ఆయనకి అర్థమైంది ఒకటే: నేను ఎక్కడో చిన్నిల్లు పెట్టాను. పెద్దమనిషి తరహాలో ఆ మాట సుగుణకి చేరవేశాడు. అందువల్ల ఆ సోమవారం పొద్దున, కుప్పంలో కూరగాయలు ఎత్తడానికి ఖాళీ లారీతో బయలుదేరుతుంటే, సుగుణ మంచి చీర కట్టుకుని, సద్దిడబ్బా, గొడుగు పట్టుకుని క్యాబిన్ ఎక్కి కూర్చుంది.

"యాడికి?" అన్నాను.

"నువ్వు యాడికి పోతాండావో ఆడికే. ఆమి యాడుండాదో నేనూ సూస్తా."

"ఎవురామి?"

"అదే సూస్తానంటాండా గదా. తోలు."

పుంగనూరు దాటాక: వాగులో

పుంగనూరులో ఇడ్లీ తిన్నాం. మా వైపు చట్నీలో పచ్చిమిరప చేత్తో వేస్తే, పుంగనూరు హోటలాయన బుట్టతో వేసినట్టున్నాడు. సర్వరు రెండోసారి చట్నీ పొయ్యడానికొస్తే సుగుణ అతని మొహంలోకి అనుమానంగా చూసింది. నన్ను ఎవరైనా పేరు పెట్టి పలకరిస్తారేమోనని ప్రతి టేబులూ గమనిస్తూనే ఉంది. టీ కొట్టులో ముసలామె "రాప్పా, బాగుండావా" అన్నందుకు ఆమె వయసు కూడా లెక్కేసింది.

ఊరు దాటాక ఒక వాగు మీద వంతెన ఉంది. వంతెన అనడానికి నాకే సిగ్గు. నలభై అడుగులుంటుందేమో. కింద నీళ్ళు లేవు, ఇసుక. కానీ కొత్తగా కట్టారు, రెండు వైపులా తెల్ల పిట్టగోడ. ఆ తెలుపు కనబడగానే నా అరచేతులు తడిసిపోయాయి. చెయ్యి తనంతట తనే స్టీరింగు ఎడమకి తిప్పింది. పాత మట్టిదారిలో వాగులోకి దిగాను. సగం దాటాక వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

మా పక్కనే, మా నెత్తిమీద వంతెన మీదుగా బస్సులు పోతున్నాయి, పాల వ్యాన్లు పోతున్నాయి, ముగ్గురెక్కిన స్కూటరు పోతోంది. కాసేపటికి ఒక రైతు ఆవును తోలుకుంటూ వంతెన మీదికి వచ్చాడు. పుంగనూరు పొట్టి ఆవు, మేక కంటే కాస్త పెద్దది. అది నడి వంతెనలో ఆగి, పిట్టగోడ సందులోంచి తల పెట్టి నన్ను చూసింది. దానికి ఏ భయమూ లేదు.

రైతు కిందికి దిగి వచ్చాడు. పేరు నారాయణప్ప. లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంతెన వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఏమప్పా, బ్రిడ్జి పైనుండాది గదా?"

"ఉండాదిలేప్పా."

"మరి యాల దిగినావు?"

ఇక్కడ ఒంటెల అబద్ధం పనికిరాదు. అతను ఇంకేమీ అడక్కుండా, కొత్త వంతెన మీద నమ్మకం లేని మొదటి మనిషిని చూసినట్టు గౌరవంగా తలూపి, ట్రాక్టరు తేవడానికి పోయాడు.

సుగుణ సీటు కింద గొడుగు కోసం వెతుకుతూ చెయ్యి పెట్టింది. చేతికి నిమ్మకాయలు తగిలాయి. ఒక్కొక్కటే తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. పదకొండు. తర్వాత దర్గా తాయెత్తు, నల్ల తాడు, ఉల్లిగడ్డ, తడి తువ్వాలు, గ్యాసు మాత్రల అట్టలు, గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకుంటారని ఎవరో ఇచ్చిన మాత్ర. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఆమె. ఎదురుగా అద్దం మీద బైబిలు వాక్యం స్టిక్కరు, దాని కింద పదకొండు నిమ్మకాయలు. సంత చూసినట్టు చూసింది.

"ఏమయ్యా, ఇదంతా ఏంది? ఎవురికి భయపడతాండావు?"

"బ్రిడ్జికి" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అందుకే అంతా చెప్పేశాను. మొదటి వంతెన, గ్యాసు మాత్రలు, బంపర్లు, పాటలు. చివరికి ఎవరికీ చెప్పనిది కూడా. పోయిన ఎండాకాలం ఒక ఫ్లైఓవరు నడి మధ్యలో ఊపిరాడక బ్రేకు తొక్కేశాను. వెనక జనంతో నిండిన బస్సు. మూరెడు దూరంలో ఆగింది. బస్సు డ్రైవరు దిగి తిట్టడానికే వచ్చాడు, నా చేతులు చూసి తిట్టకుండా నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ అద్దం వెనక మొహాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. "నేను చస్తే చస్తినే. వాళ్ళను సంపేస్తానేమో సుగుణా" అన్నాను. అని ఏడ్చాను. లారీ డ్రైవరు వాగులో కూర్చుని ఏడిస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు తెలుసు, అయినా ఆగలేదు.

ఆమె గ్యాసు మాత్రల అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"అయితే ఇంకొకామి లేదా?"

"లేదే."

"నిన్న రేత్రంతా ఆమికి ఏం సెప్పల్లా అని మాటలు కూర్చుకున్యా గదయ్యా. అన్నీ వేస్టయిపాయ." తర్వాత కొంగుతో నా మొహం గట్టిగా, పాత్ర తోమినట్టు తుడిచింది. "నాలుగేండ్లు ఒక్కడివే మోసినావా? ఇది రోగమైతే డాక్టరుండాడు, కాకుంటే దేవుడుండాడు. ముందు డాక్టరు దగ్గరికి పోదాం."

"పిచ్చోడంటారు."

"ఇప్పుడు మాత్రం ఏమంటాండారు? సిన్నిల్లు పెట్టినోడంటాండారు. దానికంటే అదే నయం."

ట్రాక్టరు వచ్చి లారీని అవతలి గట్టుకి లాగేసరికి సాయంత్రమైంది. నారాయణప్ప డబ్బు తీసుకోలేదు. నిమ్మకాయలు మాత్రం అడిగి తీసుకున్నాడు, ఊరగాయకి.

వెంకటగిరికోట: మూడు భాషల టీ

ఆ రాత్రి దారిలో సుగుణ చిన్నాయన ఇంట్లో పడుకుని, రెండో రోజు తెల్లారి వెంకటగిరికోట చేరాం. కర్ణాటక కూతవేటు దూరం. టీ కొట్టాయన డబ్బులు తెలుగులో అడిగి, చిల్లర కన్నడంలో లెక్కపెట్టి, కుక్కని అరవంలో తిడతాడు. మదనపల్లెలో టీ గ్లాసు నిండుగా ఇస్తారు, ఇక్కడ గ్లాసు చిన్నది, నురగ పెద్దది. అలాంటి టీలు నేను రోజుకి పన్నెండో పదమూడో తాగేవాణ్ణి. సుగుణ మొదటిసారి లెక్కపెట్టడం మొదలెట్టింది.

అక్కడి నుంచి ఓనరుకి ఫోను చేశాను. లారీ ఇక్కడే ఉంటుంది, ఇంకో డ్రైవర్ని పంపమని, నేను ఆసుపత్రికి పోతున్నానని, వంతెనలంటే భయమని, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"అంతేనా?" అన్నాడు ఓనరు. ఆయన గొంతులో నిరాశ స్పష్టంగా తెలిసింది. "నేను మండీలో అందరికీ సిన్నిల్లని సెప్పేసినా గదప్పా. ఇప్పుడేం సెప్పల్ల?"

కుదుటపడేదాకా మండీ యార్డులో లోడింగు చూసుకోమన్నాడు. జీతం తగ్గుతుందన్నాడు. తగ్గనీ అంది సుగుణ, ఫోను లాక్కుని.

కుప్పం: ఆసుపత్రిలో

కుప్పానికి బస్సులో పోయాం. దారి పొడుగునా గ్రానైటు పలకలు వేసుకున్న లారీలు ఎదురొచ్చాయి. పద్దెనిమిదేళ్ళ తర్వాత కిటికీ పక్కన కూర్చుని చూస్తే తెలిసింది, ఈ వైపు చింతచెట్లున్నాయని.

ఆసుపత్రిలో మానసిక వైద్యం గది ముందు బెంచీ మీద నాతో పాటు ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, ఎవరూ జుట్టు పీక్కోవడం లేదు. ఒకాయన బీన్స్ ధర ఎంతుందని నన్ను అడిగాడు. నేను కాస్త నిరుత్సాహపడ్డాననే చెప్పాలి.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అరగంట ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు మొదలు, ఎంతసేపు ఉంటుంది, పది నిమిషాల్లో తారస్థాయికి పోతుందా, మళ్ళీ వస్తుందేమోనని భయమా, దానివల్ల ఏమేం మానేశావు, నిద్ర, సారాయి, టీ. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా మామూలుగా అడిగింది, లేదన్నాను. ఇంకేమైనా మాత్రలు వేసుకుంటావా అంటే, ధాబాలో తోటి డ్రైవరు ఇచ్చిన నిద్రమాత్ర సంగతి చెప్పాను. ఆమె కలం ఆగింది.

"అది వేసుకుని లారీ తోలినారా?"

"రెండుసార్లు."

"ఇంక వద్దు. అది మత్తు ఇస్తుంది, అలవాటు పడుతుంది. వంతెన మీద భయంకన్నా వంతెన మీద నిద్ర ప్రమాదం."

రక్తపోటు చూశారు, మళ్ళీ గుండె పరీక్ష చేశారు, థైరాయిడుకి, షుగరుకి, రక్తహీనతకి నెత్తురు తీసుకున్నారు. ఇలాంటి దడ వాటివల్ల కూడా రావచ్చట. మధ్యాహ్నానికి అన్నీ బాగున్నాయని వచ్చాయి. అప్పుడు ఆమె రోగానికి పేరు చెప్పింది. పానిక్ డిజార్డరు. ఇంట్లో దొంగల కోసం పెట్టిన అలారం పిల్లి దూకినా మోగినట్టు, ప్రమాదం లేకుండానే ఒళ్ళు ప్రమాదం వచ్చినట్టు మోగుతుందట. నాలుగేళ్ళ తర్వాత దానికో పేరుందని తెలిసి, నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. పేరుందంటే నాకొక్కడికే రాలేదన్నమాట.

"ఇప్పుడు ఇక్కడే ఆ దడ తెప్పిద్దాం" అంది డాక్టరమ్మ.

"యాల తల్లీ, బాగుండాను గదా?"

ఒక నిమిషం పాటు గబగబా, లోతుగా ఊపిరి తియ్యమంది. నాకు సిగ్గని తనూ మొదలుపెట్టింది. నాకు తోడని సుగుణా మొదలుపెట్టింది. ముగ్గురం కుర్చీల్లో కూర్చుని కుక్కల్లా రొప్పుతుంటే నర్సు ఫైలు తీసుకుని లోపలికొచ్చి, చూసి, వెనక్కి నడిచి తలుపు మూసింది. నిమిషం తిరగకముందే నా వేళ్ళు తిమ్మిరెక్కాయి, తల తిరిగింది, గుండె కొట్టుకుంది. అచ్చం వంతెన మీద వచ్చినట్టే. కానీ ఇక్కడ వంతెన లేదు, ఫ్యాను ఉంది.

"నాకూ తిమ్మిరి పట్టినాదమ్మా" అంది సుగుణ ఆశ్చర్యంగా.

"ఎవరికైనా పడుతుంది. ఊపిరి ఎక్కువ వదిలితే ఒంట్లో బొగ్గుపులుసు గాలి తగ్గి ఇట్లవుతుంది. ఎవరైనా చచ్చిపోయారా ఇప్పుడు?"

ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరూ చావలేదు.

తర్వాత మందు రాసింది. రోజూ ఒక మాత్ర, మొదట చిన్న మోతాదు, వారం తర్వాత పెంచాలి. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పుతుంది, గాబరా కాస్త ఎక్కువైనట్టే ఉంటుంది, భయపడి ఆపొద్దు. నాలుగు వారాల దాకా గుణం తెలియకపోవచ్చు, తగ్గాక కూడా నెలల తరబడి వాడాలి, సొంతంగా మానొద్దు. టీలు తగ్గించాలి. మళ్ళీ తను చూసి సరేననేదాకా లారీ తోలొద్దు.

"లైసెన్సు పోతుందా?"

"దాచిపెట్టి తోలేవాడితోనే అందరికీ ప్రమాదం. మీరు వైద్యం చేయించుకుంటున్నారు. కుదిరినాక కాగితం నేనే రాసిస్తా."

ఆమె చెప్పినట్టే అయింది. మొదటి రెండు వారాలు తిండి సహించలేదు, ఐదో వారానికి పొద్దున్నే దడ లేకుండా లేచాను. ఇది రాస్తున్న నాటికి మాత్ర ఇంకా నడుస్తోంది, నేను మళ్ళీ స్టీరింగు పట్టాను, ప్రస్తుతానికి బెంగళూరు దాకా మాత్రమే. అప్పుడప్పుడు గుండె మోగుతుంది. మోగనిస్తాను.

కానీ మాత్రతో సగమే అంది ఆ రోజు డాక్టరమ్మ. మిగతా సగానికి నిచ్చెన గీసింది. కింది మెట్టు నడిచి దాటే చిన్న వంతెన, పై మెట్టు లోడు లారీతో పెద్ద నది. కింది నుంచి ఒక్కొక్కటే ఎక్కాలి. భయానికి సున్నా నుంచి వంద దాకా మార్కులెయ్యాలి. భయం పుట్టిన చోటు నుంచి పారిపోకుండా, అది సగానికి పడేదాకా అక్కడే నిలబడాలి. పారిపోతే, పారిపోబట్టే బతికానని మనసు నమ్ముతుంది. నిమ్మకాయా, తాయెత్తూ అంతే, వాటివల్లే బతికానని నమ్మిస్తాయి. "ప్రార్థన కూడా తప్పా?" అని సుగుణ కాస్త ఘాటుగా అడిగింది. "చేసుకోండమ్మా. కానీ బ్రిడ్జిని చూడకుండా ఉండటానికి పాట పాడొద్దు" అంది ఆమె.

కుప్పం స్టేషను: మొదటి మెట్టు

మూడో రోజు పొద్దున ప్లాట్‌ఫారం టికెట్లు రెండు కొన్నాం. కౌంటరాయన "ఎవరొస్తాండారు?" అన్నాడు. "ఎవురూ రాల్యా. బ్రిడ్జి ఎక్కల్ల" అంది సుగుణ. ఆయన టికెట్లు ఇచ్చాడు గానీ, మెడ సాచి మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

పట్టాల మీద నడిచి దాటే ఇనుప వంతెన. నడి మధ్యకి పోయేసరికి కమ్మీ పట్టుకోబోయాను. సుగుణ చేతిమీద ఒకటేసింది. చేతులు వదిలి నిలబడ్డాను.

"ఎంత?" అంది.

"ఎనభై ఐదు."

"ఎనభై ఐదు, ఎనభై ఐదు..." మండీలో వేలం వినీ వినీ ఆమెకి అంకె మెల్లగా పలకడం రాదు. "ఇప్పుడెంత?"

"తొంభై."

"తొంభై! పెరగనీ, దిగేది లేదు. ఇప్పుడెంత?"

జనం ఆగారు. పూలబుట్ట ఆమె బుట్ట దించింది. బెంగళూరు బండి కోసం వచ్చిన ఒకాయన ఏం అమ్ముతున్నారని అడిగాడు. ఇంతలో రైల్వే కానిస్టేబులు మెట్లు రెండేసి ఎక్కుతూ పరిగెత్తుకొచ్చాడు. పాపం, నేను దూకుతానని అనుకున్నాడు.

"ఏమప్పా, ఏం కష్టమొచ్చినా మాట్లాడుకుందాం, ఇట్ల రాప్పా."

"దూకడానికి రాలేదు సార్. భయం తగ్గేదాకా నిలబడమని డాక్టరమ్మ సెప్పినాది. నాకు బ్రిడ్జంటే భయం" అన్నాను. అంతమంది ముందు, అంత గట్టిగా. అన్నాక చూస్తే ఎవరూ ఏమీ అనలేదు. కానిస్టేబులు సుగుణని కూడా ఒకసారి అడిగి, నమ్మి, టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"ఎంతసేపు నిలబడల్ల?"

"సగానికి పడేదాకా సార్."

"ఇప్పుడెంత?"

"డెబ్బై."

ఆయనా నిలబడ్డాడు. పూలామె కూడా. కింద ఒక గూడ్సు బండి పోయింది, వంతెన అదిరింది, నాది మళ్ళీ ఎనభైకి ఎక్కింది. పెట్టెలన్నీ పోయాక అరవై. ఎండ ముదిరింది. యాభై ఐదు. దడ ఎక్కడికీ పోలేదు, నేనూ ఎక్కడికీ పోలేదు, అంతే జరిగింది. ఎంతసేపయిందో తెలియదు, ఉన్నట్టుండి కింద ఇడ్లీల వాసన తెలిసింది. ఆకలేసింది.

"నలభై" అన్నాను.

పూలామె చప్పట్లు కొట్టింది. కానిస్టేబులు నా భుజం తట్టి డ్యూటీకి పోయాడు. జనం చెదిరిపోయారు. దిగుదామని రెండడుగులు వేశాను. సుగుణ కదల్లేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని పట్టాల వైపు చూస్తోంది.

"ఏమే, నీకూ భయమా?" అన్నాను నవ్వుతూ.

"బ్రిడ్జికి కాదు." ఆమె నా వైపు తిరగలేదు. "నువ్వు బండి ఎక్కి పోయినంక ఫోను మోగితే సాలు, తొంభై. పద్దెనిమిదేండ్లుగా తొంభయ్యే. నన్ను ఎవురూ అడగలా, నేను సెప్పలా."

నేను వెనక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఇంత కాలం భయం నా ఒక్కడిదే అనుకుని తిరిగిన నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది. ఒక్కొక్క వేలే విడదీసి, ఆమె చేతులు కమ్మీ మీద నుంచి తీశాను.

"ఇప్పుడెంత?" అన్నాను.

"ఎనభై ఎనిమిది."

ప్లాట్‌ఫారం టికెట్ల గడువు ఎప్పుడో దాటిపోయుంటుంది. ఆమెది సగానికి పడేదాకా మేం దిగలేదు.